చేపల పులుసు దగ్గర తువ్వాలెందుకు?

మా మామయ్యది కోవూరు దగ్గర ఒక పల్లె. ఆయన రాత్రి చేపల పులుసుతో అన్నానికి కూర్చుంటే ఎడమ భుజం మీద తువ్వాలు ఉండి తీరాలి. నాలుగో ముద్దకి నుదురు తడుస్తుంది. ఆరో ముద్దకి పై పెదవి మీద చెమట బొట్లు నిలుస్తాయి. ఆ తర్వాత ముక్కు మొదలవుతుంది. చెవులు వేడెక్కాయంటాడు. ముక్కు ఎగబీలుస్తూ, తుడుచుకుంటూ, మధ్యలో "ఇంకో రెండు గరిటెలు పొయ్యమ్మా" అంటూ భోజనం ముగిస్తాడు.

తెల్లారి అదే దాకలో మిగిలిన పులుసును చద్దన్నంలో కలుపుకుని తింటాడు. నెల్లూరోళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పులుసు ముక్కకి పట్టాలంటే ఒక రాత్రి ఆగాల్సిందే. వింత ఏమిటంటే, పొద్దున ఆయనకు తువ్వాలు అవసరం పడదు. అదే దాక, అదే కారం, అదే మనిషి. రాత్రి పారిన చెమట పొద్దున ఎక్కడికి పోయింది?

నేను ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్నను ఒకసారి క్లాసులో పెడితే ఎక్కువమంది చెప్పిన జవాబు "రాత్రికి కారం చచ్చిపోయి ఉంటుంది సార్" అని. చావదు. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. పొయ్యి మీద అరగంట ఉడికినా పోనిది, దాకలో ఒక రాత్రి కూర్చుంటే పోదు. పొద్దున మారేది కారం కాదు, దాన్ని పట్టుకునే మన నాడి లెక్క. ఆ లెక్క తెలిస్తే చెమట, ముక్కు నీళ్లు, ముఖం వేడి ఎందుకు వస్తాయో దాదాపుగా అర్థమైనట్టే.

ముందు ఒక చిన్న చిక్కు విప్పాలి. మనం షడ్రుచుల్లో కారాన్ని కూడా లెక్కేస్తాం, ఉగాది పచ్చడిలోనూ వేస్తాం. కానీ ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక మీది రుచి మొగ్గలకు తెలిసినట్టు కారం తెలియదు. రోట్లో పచ్చిమిర్చి పచ్చడి నూరినవాళ్లని అడగండి, చేతులు సాయంత్రం దాకా మండుతాయి. అదే చెయ్యి పొరపాటున కంట్లో పడితే చెప్పక్కర్లేదు. చేతికి, కంటికి రుచి మొగ్గలు లేవు కదా. కారం రుచి కాదు, ఒక రకం నొప్పి. సరిగ్గా చెప్పాలంటే కాలిన నొప్పి. అందుకే మనం దాన్ని "మంట" అంటున్నాం. ఆ మాట ఉపమానం అనుకుంటాం గానీ, నాడుల పరంగా అది అక్షరాలా నిజం.

1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం దీన్ని పట్టుకున్నారు. వాళ్ల పద్ధతి ముచ్చటగా ఉంటుంది. నొప్పిని పట్టే నాడీకణాల్లోని జన్యువులను తీసుకుని, క్యాప్సైసిన్ అంటే ఏమాత్రం పట్టించుకోని మామూలు కణాల్లోకి ఎక్కిస్తూ పోయారు. ఏ జన్యువు ఎక్కితే ఆ మొద్దు కణం క్యాప్సైసిన్‌కి స్పందిస్తుందో చూశారు. దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్ నాడి చివరల్లో ఒక చిన్న తలుపులా ఉంటుంది. ఇప్పుడు దాని పేరు టి.ఆర్.పి.వి.1. క్యాప్సైసిన్ తగలగానే తలుపు తెరుచుకుంటుంది, లోపలికి కాల్షియం, సోడియం దూసుకొస్తాయి, నాడి మెదడుకు కబురు పంపుతుంది. అసలు విశేషం ఆ తర్వాత బయటపడింది. మిరపకాయ లేకపోయినా, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ తలుపే తెరుచుకుంటోంది. అంటే మన ఒంట్లో కాలడాన్ని కనిపెట్టే యంత్రాన్నే మిరపకాయ మోసం చేస్తోంది. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని జూలియస్, ఆర్డెం పటపూటియన్ పంచుకున్నారు. జూలియస్ వాటాకు మూలం ఈ తలుపే.

రామచిలకకి పచ్చిమిరపకాయ పెడితే హాయిగా కొరుక్కు తింటుంది, చూసే ఉంటారు. దానికి ధైర్యం ఎక్కువై కాదు. పక్షుల్లోనూ ఈ తలుపు ఉంది, వేడికి తెరుచుకుంటుంది కూడా. క్యాప్సైసిన్ ఇమిడే చోటు మాత్రం వేరుగా ఉండటంతో కారం వాటికి తెలియదు. దీన్ని 2002లో కోడి కణాల మీద తేల్చారు.

ఇప్పుడు మళ్లీ పులుసు దగ్గరికి. తలుపు ఒకటే, దాన్ని తోసేవి రెండు: వేడి, కారం. ఈ రెండూ వేరువేరుగా పనిచేయవు. క్యాప్సైసిన్ తగిలిన తలుపు 43 డిగ్రీలదాకా ఆగదు, అంతకంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది. అందుకే మన నోటి మామూలు వెచ్చదనం, అంటే 37 డిగ్రీలు కూడా కారం తిన్నాక మంటలా అనిపిస్తుంది. దాని మీద పొగలు కక్కే పులుసు పోస్తే చెప్పేదేముంది. తిరగేసి చూస్తే, నాలుక చల్లబడిందంటే తలుపు మూసుకోవడానికి మొగ్గుతుంది. కారం తిని నోరు తెరిచి గాలి పీల్చుకోవడం, చల్లని నీళ్లు పుక్కిట పట్టుకోవడం ఈ పనే చేస్తాయి. నీళ్లు నోట్లో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది, మింగేయగానే మంట తిరిగొస్తుంది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు దాన్ని కడుక్కుపోలేదు. కాసేపు చల్లబరిచాయి, అంతే. పెరుగు, మజ్జిగ చల్లగానూ ఉంటాయి, వాటిలోని పాల ప్రోటీన్లు క్యాప్సైసిన్‌ను తమకు అంటించుకుని పోతాయి కూడా. భోజనంలో పులుసు తర్వాత పెరుగన్నం పెట్టుకున్నవాళ్లు రసాయనశాస్త్రం చదివి ఉండరు.

ఈ మాట నిజమో కాదో చూడాలని పోయిన సంక్రాంతికి మామయ్య మీదే ప్రయోగం చేశాను. ఆయన ఒప్పుకోవడానికి రెండు కిలోల కొరమీను తెచ్చిపెట్టాల్సి వచ్చింది. రాత్రి పులుసు గిన్నెలో థర్మామీటర్ పెడితే 62 డిగ్రీలు. నాలుగో ముద్దకే చెమట. పొద్దున అదే పులుసు 26 డిగ్రీలు. పన్నెండు ముద్దలు తిన్నా నుదురు పొడిగా ఉంది, ముక్కు కొంచెం తడిసింది. ఇక్కడ ఒక అనుమానం రావాలి. సంక్రాంతి పొద్దున చలిగా ఉంటుంది కదా, చెమట పట్టకపోవడానికి కారణం పులుసు చల్లదనమా, ఊరి చల్లదనమా? అందుకని వెంటనే కాస్త పులుసు వేడిచేసి, అదే కుర్చీలో, అదే చలిలో మళ్లీ తినిపించాను. నాలుగైదు ముద్దలకు నుదురు తడిసింది. రాత్రి పట్టినంత కాదు, కానీ పట్టింది. అంటే రెండు అనుమానాలూ కొంత కొంత నిజమే. పులుసు వేడి ముఖ్యం, ఒళ్లు అప్పటికే ఎంత వెచ్చగా ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆఖరున కారం లేకుండా కాచిన చారు అదే వేడిలో తాగించాను. కొంచెం వెచ్చగా ఉందన్నాడు. తువ్వాలు కదల్లేదు.

ఒక్క మనిషి మీద చేసిన పని కాబట్టి దీన్ని శాస్త్రం అనను. కానీ కారం మంట నోటి వేడితో పెరుగుతుందని, చల్లదనంతో తగ్గుతుందని ప్రయోగశాలల్లో చాలామంది మీద చూసి చెప్పిన సంగతే మా వంటింట్లోనూ కనిపించింది.

పులుపు సంగతేమిటని అడిగింది మా అత్తయ్య. నెల్లూరు పులుసంటే చింతపండు ఒక్కటే కాదు, పుల్ల మామిడి ముక్కలు కూడా. గాజుపాత్రలోని కణాల మీద ఆమ్లం పోస్తే ఆ తలుపు ఇంకా తేలిగ్గా తెరుచుకుంటుంది, ఇది రుజువైంది. కానీ నోరు గాజుపాత్ర కాదు. పులుపు తగలగానే లాలాజలం ఊరుతుంది, అది ఆమ్లాన్ని పలచన చేస్తుంది, నాలుకను కాస్త కడుగుతుంది కూడా. పులుపు వల్ల మంట పెరిగిందా తగ్గిందా అన్నది తిన్న పద్ధతిని బట్టి అటూ ఇటూ పోతుంది. కాబట్టి చెమట నేరాన్ని మామిడికాయ మీద వేయలేం.

కబురు మెదడుకి చేరిన తర్వాత కథ మొదలవుతుంది. నోటి నుంచి, ముఖం నుంచి నొప్పి కబుర్లు మోసేది త్రిధార నాడి, డాక్టర్లు ట్రైజెమినల్ అంటారు. పేరుకి తగ్గట్టు మూడు శాఖలు: ఒకటి నుదురు, కన్ను వైపు, ఒకటి బుగ్గ, ముక్కు వైపు, ఒకటి దవడ, నాలుక వైపు. మూడూ మెదడు కాండంలో దగ్గర దగ్గరగా చేరతాయి. వాటి పొరుగునే కన్నీటి గ్రంథులకు, ముక్కు గ్రంథులకు, లాలాజల గ్రంథులకు హుకుం ఇచ్చే కేంద్రాలున్నాయి. నాలుక మీద మంట గట్టిగా ఉంటే, ఆ కేంద్రాలు మనల్ని అడక్కుండానే గ్రంథులకు "వదలండి" అని చెప్పేస్తాయి. కంట్లో నలుసు పడితే నీళ్లు కారినట్టే ఇది కూడా. ఏదో మండే వస్తువు లోపలికొచ్చింది, కడిగెయ్యి. నోట్లో ఉన్న వస్తువుకి ముక్కు ఎందుకు కడగాలంటే, ఆ కేంద్రం అంత వివరంగా ఆలోచించదు.

ముక్కు విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. కారం ఆవిరి ముక్కులోకి ఎక్కి నీళ్లు వచ్చాయనుకుంటారు. ఆవ పెట్టిన కూరకైతే అది నిజం. ఆవాల ఘాటు గాలిలో తేలే రకం, నోట్లో పెట్టగానే వెనకనుంచి ముక్కులోకి ఎక్కి నడినెత్తిని తాకుతుంది. అది పట్టే తలుపు కూడా వేరే. క్యాప్సైసిన్ అలా తేలిగ్గా ఆవిరయ్యేది కాదు. పోపులో ఎండుమిర్చి మాడినప్పుడు ఇల్లంతా దగ్గుతామంటే, అక్కడ సలసల కాగే నూనె తుంపర, పొగ దాన్ని మోస్తున్నాయి. పళ్లెంలోని పులుసులో ఆ పరిస్థితి లేదు. ముక్కులో కారం చుక్క లేకపోయినా, నాలుక ఇచ్చిన కబురుతోనే ముక్కు కారుతుంది. కంటి నీళ్లలో కొంత భాగం కూడా సన్నని గొట్టం ద్వారా ముక్కులోకే దిగుతుంది, అది అదనం.

ఇది నాడి పనే అనడానికి మంచి రుజువు ఒకటుంది. 1989లో అమెరికాలో కొందరు వైద్యులు, కారం తింటే ముక్కు ధార కట్టేవాళ్లను పరిశీలించి ఈ లక్షణానికి గస్టేటరీ రైనైటిస్ అని పేరు పెట్టారు. ముందుగా ముక్కులో అట్రోపిన్ అనే మందు వేసి తినిపిస్తే ధార ఆగింది. అట్రోపిన్ చేసేది గ్రంథికి నాడి ఇచ్చే హుకుం అందకుండా ఆపడమే. కాబట్టి ధార వెనక ఉన్నది నాడి హుకుం, ఎలర్జీ కాదు. మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఇదే జాతి మందు ఉంది. ఉమ్మెత్త విషం ఎక్కినవాళ్లకి నోరు ఎండిపోతుంది, ఎండలో నిలబెట్టినా చెమట పట్టదు. ముక్కు కారుతోందని దాని జోలికి మాత్రం పోకండి, ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లి భోజనాల్లో ముక్కు కారి ఇబ్బంది పడేవాళ్లకి డాక్టర్లు ఇప్రట్రోపియం అనే స్ప్రే రాస్తారు. అదీ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది, కానీ పని ముక్కు వరకే.

ఎలర్జీ కాదని తెలుసుకోవడానికి మందులు అక్కర్లేదు, లక్షణాలే చెబుతాయి. కారం వల్ల వచ్చే ధార నీళ్లలా పలచగా, రెండు రంధ్రాల నుంచీ వస్తుంది. తినడం మొదలెట్టిన నిమిషాల్లో మొదలై, తినడం ఆపిన కాసేపటికి ఆగిపోతుంది. దురద ఉండదు, వరస తుమ్ములు ఉండవు. అదే చేప గానీ రొయ్య గానీ పడనివాళ్లయితే పెదవులు ఉబ్బడం, గొంతు దురద, ఒంటి మీద దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తాయి. మన వైపు రొయ్యల వేపుడులో కారం దండిగా ఉంటుంది కాబట్టి ఈ రెండూ కలిసిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. అలాంటప్పుడు అదే కారంతో వంకాయ వేపుడు తిన్నప్పుడు కూడా అలాగే అవుతోందా అని గుర్తు తెచ్చుకుంటే సగం తేలుతుంది. దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది వచ్చినవాళ్లు మాత్రం ఇంట్లో మళ్లీ తిని పరీక్షించుకోకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పొలమారడం ఇంకో సంగతి. అది మెతుకు గానీ పులుసు చుక్క గానీ ఊపిరి గొట్టం దారి పట్టడం. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తడతారు. దానికీ ముక్కు కారడానికీ సంబంధం లేదు, రెండూ కారం దగ్గరే జరుగుతాయంతే.

ఇక చెమట. ముక్కు కంటే ఇది కొంచెం చిక్కైన వ్యవహారం. 1954లో సింగపూర్‌లో టి.ఎస్. లీ అనే పరిశోధకుడు మనుషుల చేత మిరపకాయలు నమిలించి, చెమట ఎక్కడ పడుతుందో, ముఖం ఎలా ఎర్రబడుతుందో రాసిపెట్టాడు. వేడి దేశాల్లో ఇది రోగం కాదు, మామూలు విషయమేనని చెప్పిన తొలి పనుల్లో అది ఒకటి. చెమట ప్రధానంగా ముఖం మీద, తల మీద పడుతుంది. టెన్షన్ పడితే అరచేతులు చెమర్చినట్టు ఇక్కడ అరచేతులు చెమర్చవు. కాబట్టి ఇది భయం చెమట కాదు, నొప్పి తట్టుకోలేక పట్టిన చెమట కూడా కాదు. వేలికి సూది గుచ్చుకుంటే నుదుటి మీద నుంచి ఇలా ధార కారదు కదా. ఇది వేడి చెమట. తలుపు "కాలుతోంది" అని చెప్పింది, ఒంటి వేడిని చూసుకునే కేంద్రం ఆ మాట నమ్మింది. వేడి తగ్గించడానికి తనకు తెలిసిన రెండు పనులూ చేసింది. చెమట వదిలింది, చర్మంలోని రక్తనాళాలు తెరిచింది. ఒంట్లో నిజంగా వేడి పెరిగిందా లేదా అని చూడలేదు. ఎండాకాలం రాత్రి ఒళ్లు అప్పటికే చెమట గట్టు మీద నిలబడి ఉంటుంది కాబట్టి చిన్న తోపుడుకే కారుతుంది. సంక్రాంతి పొద్దున ఆ గట్టు దూరం. మామయ్య ముఖం మీద నేను చూసిన తేడా అదే.

ముఖం ఎర్రబడటం గురించి విదేశీ పుస్తకాల్లో పేజీలు పేజీలు ఉంటాయి. మన రంగుకి అది అంతగా కనపడదు. మనం దాన్ని చెవుల దగ్గర వేడిగా, బుగ్గల్లో కొట్టుకుంటున్నట్టుగా గుర్తుపడతాం. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. పెదవుల ఎరుపు, బుగ్గల ఎరుపు ఒకటి కావు. పెదవి మీద కారం తగిలిన చోటే నాడి చివరలు కొన్ని పదార్థాలను అక్కడికక్కడే వదులుతాయి, వాటితో రక్తనాళాలు విప్పారి పెదవి ఎర్రబడి కొంచెం ఉబ్బినట్టవుతుంది. కారం తగలని బుగ్గ వేడెక్కడం మాత్రం మెదడు దాకా వెళ్లి తిరిగొచ్చిన హుకుం.

"కారం తింటే ఒళ్లు చల్లబడుతుంది, అందుకే ఎండ దేశాల్లో కారం తింటారు" అనే మాట తరచుగా వింటాం. మామయ్య తువ్వాలును వంటింటి త్రాసు మీద తూచాను. తినకముందుకీ తిన్నాకకీ తేడా 4 గ్రాములు. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 0.58 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. నాలుగు గ్రాములకి 2.3. మామయ్య బరువు 65 కిలోలు. ఆ ఒంటిని ఒక్క డిగ్రీ చల్లబరచాలంటే 54 కిలోకేలరీలదాకా పోవాలి. అంటే ఈ చెమటంతా ముఖం మీదే ఆరినా ఒళ్లు చల్లబడేది ఒక డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా కాదు. పైగా ఆయన దాన్ని తువ్వాలుతో తుడిచేశాడు. ఆరింది తువ్వాలు మీద కాబట్టి చల్లబడింది తువ్వాలే.

ముఖానికి తెలిసే చల్లదనం మాత్రం అబద్ధం కాదు, అది ఊరి గాలిని బట్టి మారుతుంది. రోహిణి కార్తెలో కనిగిరి, పొదిలి వైపు గాలి నిప్పులా ఉన్నా పొడిగా ఉంటుంది, నుదుటి చెమట పుట్టగానే ఆరిపోతుంది. అక్కడివాళ్లు తమకు కారానికి చెమట పట్టదనుకుంటారు, పట్టింది కనపడలేదంతే. మైపాడు వైపు సముద్రపు తేమలో అదే చెమట ఆరే దారి లేక బొట్లు బొట్లుగా పళ్లెంలో రాలుతుంది. రెండు చోట్లా కారం ఒకటే, మనిషి ఒకటే.

ఒకే పంక్తిలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు తడిసిపోతే ఒకరు పొడిగా ఉండటానికి అలవాటు ఒక కారణం. రోజూ తినేవాళ్ల నాడి చివరలు కొంత మొద్దుబారతాయి. ఊళ్లో పుట్టి పదేళ్లు బయట చప్పిడి తిన్నవాడు పండక్కి వస్తే మొదటి పూట ఏడుస్తాడు. తినే వేగం కూడా పనిచేస్తుంది. ముద్ద వెంట ముద్ద వేస్తే మంట మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, ఒక్కో ముద్దలో కారం సమానంగా ఉన్నా సరే. మధ్యలో ఓ పావుగంట ఆపితే నాడి అలసిపోయినట్టయి, మళ్లీ పెట్టిన ముద్ద ముందంత మండదు. కబుర్లు చెబుతూ తినే అత్తయ్యకి చెమట తక్కువ, మాట్లాడకుండా ఊదేసే మామయ్యకి ఎక్కువ అన్నదాంట్లో కొంత ఇది కూడా ఉందనుకుంటాను.

ఇక్కడితో ఆపేసేవాణ్ణి, కానీ ప్రయోగం రోజు నేను వెతకనిది ఒకటి కనిపించింది. పొద్దున పులుసన్నం అయ్యాక మామయ్య చల్లటి పెరుగన్నం కలుపుకున్నాడు. అందులో కారం లేదు, వేడి లేదు. అయినా రెండు నిమిషాల్లో నుదురు, మెడ తడిశాయి. పులుసుకు పట్టని చెమట పెరుగుకు పట్టింది. "ఇదెప్పటినుంచి మామా?" అంటే, "ఏమోరా, ఏడాది నుంచి అట్టే ఉంది. పులుసు తిన్న వేడి అనుకున్నా" అన్నాడు.

కారం చెమటకు ఒక నియమం ఉంది: మంట ఉంటేనే వస్తుంది. మంట లేని తిండికి, ఏ తిండికైనా, తల, ముఖం, మెడ తడుస్తున్నాయంటే దారి వేరు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో గ్రంథులకు పోయే సన్నని నాడులు దెబ్బతిని ఇలా జరుగుతుంది. ఈ సంగతి 1970ల నుంచే వైద్య పత్రికల్లో ఉంది. మామయ్యకి షుగర్ పదిహేనేళ్లుగా ఉంది. షుగర్ పడిపోయినప్పుడు పట్టే చెమటను దీంతో కలపకూడదు. అది తిండి ఆలస్యమైనప్పుడు చేతుల వణుకుతో, గుండె దడతో వస్తుంది, చక్కెర నోట్లో వేసుకుంటే తగ్గుతుంది. ఇది తిండి నోట్లో పడగానే వస్తుంది.

ముఖానికి ఒక్క పక్కే, చెవి ముందర మాత్రమే చెమట పట్టే రకం ఇంకొకటి ఉంది. 1923లో లూసియా ఫ్రే అనే పోలెండు వైద్యురాలు దీన్ని వివరించింది, ఆమె పేరే దానికి నిలిచింది. చెవి దగ్గరి లాలాజల గ్రంథికి దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా అక్కడి నాడులు తెగుతాయి. తెగిన నాడులు మళ్లీ పెరిగేటప్పుడు కొన్ని దారితప్పి చర్మంలోని చెమట గ్రంథుల్లో చేరతాయి. ఇక అక్కణ్ణుంచి, లాలాజలం ఊరమని హుకుం వస్తే బుగ్గ చెమర్చుతుంది. అయోడిన్ రాసి, పైన పిండి చల్లి, ఏదైనా నమలమంటే చెమట పట్టిన చోటల్లా పిండి నల్లబడి సరిగ్గా ఎక్కడో చూపిస్తుంది. అలాగే తలకి దెబ్బ తగిలిన తర్వాత ఒక్క ముక్కు రంధ్రం నుంచే, ముందుకు వంగితే నీళ్లు కారుతున్నాయంటే అది కారం పని అనుకోకూడదు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఛాతీ బరువుతో, ఒళ్లంతా చల్లటి చెమటతో ఉన్న మనిషిని "పులుసులో కారం ఎక్కువైంది" అని పడుకోబెట్టడం కూడా అలాంటి తప్పే. కారం చెమట వెచ్చగా, మెడకు పైనే ఉంటుంది.

మామయ్యని నెల్లూరు తీసుకెళ్తే డాక్టర్ ముందు పాదాల స్పర్శ చూశాడు, తర్వాత కిడ్నీ పరీక్షలు రాశాడు. పెరుగన్నం చెమట గురించి వెళ్తే పాదాలెందుకని మామయ్యకి కోపం. నాడులు దెబ్బతినడం ఎక్కువగా పాదాల దగ్గర మొదలవుతుందని, ముఖం చెమట ఆ సంగతి ఇంకో చోట చెబుతోందని డాక్టర్ ఓపిగ్గా చెప్పాడు. కుడి బొటనవేలి దగ్గర సన్నని తీగ తగిలించినా ఆయనకి తెలియలేదు. ఇప్పుడు చెప్పుల్లేకుండా పొలం గట్టెక్కడం మానేశాడు. పులుసు మానలేదు. రాత్రిపూట తువ్వాలు పులుసు దగ్గర పెట్టుకుంటాడు, పెరుగు దగ్గర తడిస్తే ఎన్ని ముద్దలకు తడిసిందో అత్తయ్య క్యాలెండర్ మీద రాసిపెడుతోంది.